మొదటి కార్పొరేట్ బిల్లు: గడువు ఏ రోజు నుంచి లెక్క?

పని చెప్పేవాళ్లూ డబ్బు ఇచ్చేవాళ్లూ ఒకరే అయినంత కాలం ఫ్రీలాన్సర్‌కు కాగితాలతో పెద్దగా అవసరం పడదు. తెలిసినవాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్‌కో, స్నేహితుడి స్టార్టప్‌కో పని చేసిపెడితే ఫోన్లో అనుకున్న మొత్తం యూపీఐలో వచ్చేస్తుంది. ఆలస్యమైతే ఇంకో ఫోన్ చేస్తే సరిపోతుంది. పెద్ద కంపెనీ దగ్గర ఈ లెక్క చెల్లదు. అక్కడ పని అడిగేది ఒక విభాగాధిపతి. ధర ఖాయం చేసి పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ, ఇచ్చేది కొనుగోళ్ల విభాగం. బ్యాంకుకు సొమ్ము పంపేది అకౌంట్స్ విభాగం. ఈ మూడోవాళ్లు కన్సల్టెంట్‌ను ఎప్పుడూ చూసి ఉండరు, చేసిన పని ఎంత బాగుందో వాళ్లకు తెలిసే అవకాశమూ లేదు.

అకౌంట్స్‌లో బిల్లు చూసే ఉద్యోగి ముందు మూడు కాగితాలుంటాయి. పీఓ ఒకటి. పని అందిందని సంబంధిత విభాగం కంప్యూటర్‌లో నమోదు చేసిన ఎంట్రీ రెండోది. కన్సల్టెంట్ పంపిన ఇన్‌వాయిస్ మూడోది. మూడింటిలో పని వివరం, మొత్తం, పేర్లు ఒకదానితో ఒకటి కలిస్తే బిల్లు పోస్ట్ అవుతుంది. కలవకపోతే హోల్డ్‌లో పడుతుంది. మొదటిసారి కార్పొరేట్ పని పట్టినవాళ్లకు సొమ్ము ఆలస్యమవడానికి కంపెనీ మొండితనం కంటే ఈ హోల్డే ఎక్కువసార్లు కారణమవుతుంది. అందుకే పని పరిధి, చెల్లింపు షరతులు, ఇన్‌వాయిస్ అనే మూడింటినీ వేర్వేరుగా కాకుండా ఒకే వరుసలో రాసుకోవాలి. కన్సల్టెంట్ ముఖం కూడా తెలియని అకౌంట్స్ ఉద్యోగి ఎవరినీ అడగకుండా సరిచూసుకోగలిగేలా ఆ రాత ఉండాలి.

ఇది ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఉదాహరణ కల్పించుకున్నదే అయినా అందులోని నిబంధనలు, లెక్కలు అసలైనవే. ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన ఒకావిడ ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో ఇంటి నుంచే కన్సల్టెంట్‌గా మొదలుపెట్టారు. విశాఖపట్నం దగ్గర పరవాడలో ప్లాంటు ఉన్న ఒక మందుల కంపెనీ నుంచి మొదటి పిలుపు వచ్చింది. ప్లాంటులో ఏ పని ఎవరు, ఏ వరుసలో, ఎలా చేయాలో రాసిపెట్టే పత్రాలను ఎస్‌ఓపీలంటారు. అవి పాతబడ్డాయి. క్వాలిటీ హెడ్ ఫోన్లో చెప్పింది ఇంతే: “మేడమ్, మా ఎస్‌ఓపీలన్నీ ఒకసారి చూసి సరిచేసి పెట్టండి. స్టాఫ్‌కి ట్రైనింగ్ కూడా ఇవ్వాలి. మొత్తం మూడు లక్షలు అనుకుందాం.”

ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ ఆ మాటల్లో ఏదీ లెక్కకు అందదు. “అన్నీ” అంటే ఇరవై నాలుగా, అరవయ్యా? “సరిచేయడం” అంటే తప్పులు దిద్దడమా, మొదటినుంచీ రాయడమా? ట్రైనింగ్ ఒక పూటా, నెలకోసారా? మూడు లక్షల్లో పన్ను కలిసి ఉందా, లేదా? ఈ ప్రశ్నలు మొదట్లో అడిగితే ఇబ్బందిగా ఉంటుందని చాలామంది వదిలేస్తారు. అవే ప్రశ్నలు మూడు నెలల తర్వాత, పని అయిపోయి సొమ్ము రావలసినప్పుడు, ఇంకా ఇబ్బందిగా ఎదురవుతాయి.

ఆవిడ ఫోన్ పెట్టేసి ఒకటిన్నర పేజీ రాసి మెయిల్ చేశారు. అందులో పని మూడు ముక్కలైంది. మొదటిది, ఇప్పుడున్న ఎస్‌ఓపీలు చూసి ఎక్కడెక్కడ లోపాలున్నాయో చెప్పే నివేదిక, 60,000 రూపాయలు. రెండోది, మెయిల్‌కు జతచేసిన జాబితాలో పేరు, నంబరుతో సహా ఉన్న 24 ఎస్‌ఓపీలను తిరిగి రాయడం, ఒక్కోటి 8,000 చొప్పున 1,92,000. మూడోది, ప్లాంటులోనే తెలుగులో రెండు శిక్షణ తరగతులు, ఒక్కోటి మూడు గంటలు, తరగతికి 24,000 చొప్పున 48,000. కూడితే మూడు లక్షలే. క్వాలిటీ హెడ్ చెప్పిన మొత్తం మారలేదు, కానీ ఇప్పుడు ప్రతి రూపాయికీ ఎదురుగా ఒక వస్తువు ఉంది.

పని పరిధిలో అందరూ మొదట రాసేది ఏం చేస్తామన్నదే. అసలు బలం మిగతా వాక్యాల్లో ఉంటుంది. ఒక్కో ఎస్‌ఓపీకి ఒక ముసాయిదా, రెండు విడతల సవరణలు, ఒక తుది ప్రతి అని ఆవిడ రాశారు. “రెండు విడతలు” అన్న మాట లేకపోతే సవరణలకు అంతుండదు, ఎందుకంటే కంపెనీలో ఒకే పత్రాన్ని క్వాలిటీవాళ్లు, ప్రొడక్షన్‌వాళ్లు, స్టోర్స్‌వాళ్లు వేర్వేరు రోజుల్లో చదువుతారు, ఎవరి వ్యాఖ్యలు వాళ్లు పంపుతారు. అందుకే అన్ని విభాగాల వ్యాఖ్యలనూ ఒకరే కలిపి ఒకే ఫైలులో పంపాలనీ, ఆ ఒకరి పేరు కంపెనీ ముందే చెప్పాలనీ ఇంకో వాక్యం చేర్చారు. చేయని పనులను కూడా రాశారు: తుది పత్రాలను కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం, తనిఖీ రోజున ప్లాంటులో ఉండటం, యంత్రాల వ్యాలిడేషన్ పత్రాలు ఇందులో లేవు. కంపెనీ తన వంతుగా చేయవలసిందీ రాశారు: పాత ఎస్‌ఓపీల ప్రతులు పీఓ ఇచ్చిన వారంలోగా అందాలి, అవి ఎన్ని రోజులు ఆలస్యమైతే గడువులన్నీ అన్ని రోజులు జరుగుతాయి.

ఇక అన్నిటికంటే విలువైన వాక్యం ఆమోదం గురించినది: “ముసాయిదా అందిన 10 పని దినాల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టుగా పరిగణించాలి.” ఇది లేకపోతే ఏమవుతుందో కార్పొరేట్ పని చేసిన ఎవరిని అడిగినా చెబుతారు. పత్రం వెళ్తుంది. అవతల అందరూ పనుల్లో ఉంటారు. ఎవరూ బాగుందనరు, బాగాలేదనీ అనరు. ఆమోదం లేదు గనక సిస్టమ్‌లో ఎంట్రీ పడదు. ఎంట్రీ లేదు గనక బిల్లు పోస్ట్ కాదు. కంపెనీ తప్పు చేసిందని చూపించడానికి ఒక్క తేదీ కూడా దొరకదు.

చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఈ సంగతిని ముందే ఊహించింది. వస్తువుగానీ సేవగానీ అందిన 15 రోజుల్లోగా కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే ఆమోదించినట్టు లెక్క అంటుంది. అభ్యంతరం చెబితే దాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఒప్పందంలో తక్కువ రోజులు రాసుకుంటే ఇద్దరికీ స్పష్టత ఇంకా త్వరగా వస్తుంది. పత్రం ఏ రోజు అందిందో రుజువు కావాలి గనక వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో, సబ్జెక్టులో పీఓ నంబరు, దశ పేరు రాసి పంపడం మంచిది.

పరిధి ఇంత వివరంగా రాయడం వల్ల గొడవలు రావనుకోకూడదు. గొడవ వచ్చినప్పుడు దాన్ని లెక్కతో తేల్చుకునే వీలు మాత్రం ఉంటుంది. ఈ ఉదాహరణలోనూ రెండో నెలలో క్వాలిటీ హెడ్ నుంచి ఇంకో ఏడు ఎస్‌ఓపీలు వచ్చాయి, “వీటినీ కలిపేయండి మేడమ్” అంటూ. ఆవిడ కాదనలేదు, సరేనని మొదలుపెట్టేయనూ లేదు. “ఈ ఏడూ జాబితాలో లేవండీ. ఒక్కోటి 8,000 చొప్పున 56,000 అవుతుంది, పన్నులు అదనం. పీఓ సవరణ రాగానే మొదలుపెడతాను. మొదటి 24 పని ఆగదు” అని బదులిచ్చారు. ఆ రేటు ముందే ఒప్పుకున్నది కాబట్టి బేరానికి తావు లేదు. పీఓ సవరణ అడగడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. పీఓలో లేని మొత్తానికి బిల్లు వేస్తే, క్వాలిటీ హెడ్ ఒప్పుకున్నా సరే, అకౌంట్స్ దాన్ని తీసుకోలేదు.

పరిధి ఖాయమయ్యాక సొమ్ము ఏయే దశల్లో రావాలన్నది తేల్చాలి. కొత్త వెండర్‌కు అడ్వాన్సు ఇవ్వమని చాలా కంపెనీలు అంటాయి. అక్కడ పట్టుబట్టడం కంటే మొదటి దశను చిన్నదిగా, త్వరగా పూర్తయ్యేలా పెట్టుకోవడం తెలివైన పని. ఆవిడ లోపాల నివేదికను రెండు వారాల్లో ఇచ్చి 60,000కు బిల్లు వేసేలా రాశారు. ఆ తర్వాత మొదటి 12 ఎస్‌ఓపీల ముసాయిదాలు ఇచ్చినప్పుడు 96,000, మిగతా 12 ఇచ్చినప్పుడు 96,000, శిక్షణ అయ్యాక 48,000. మొదటి బిల్లు చిన్నది కావడంలో ఇంకో లాభముంది. కంపెనీ చెల్లింపు వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో 60,000 దగ్గరే బయటపడుతుంది. పెద్ద మొత్తం చిక్కుకునేలోపు సరిచేసుకోవచ్చు. మొదటి బిల్లు గడువు దాటితే రెండో విడత పని ఆపే హక్కు కూడా ఒప్పందంలో ఒక వాక్యంగా ఉండాలి.

దశను నిర్ణయించేది కన్సల్టెంట్ చేతిలో ఉన్న సంఘటనే కావాలి. “ముసాయిదాలు అందజేసినప్పుడు” అన్నది ఆవిడ చేతిలో ఉంది. “తనిఖీ విజయవంతంగా ముగిశాక” అన్నది ఆవిడ చేతిలో లేదు, కంపెనీ చేతిలోనూ లేదు. తనిఖీకి వచ్చేవాళ్లు ఆరు నెలలు ఆలస్యంగా వస్తే ఆఖరి వాయిదా కూడా ఆరు నెలలు ఆగుతుంది. కంపెనీలు ఇలాంటి షరతు పెట్టడం మామూలే. దాన్ని ఒప్పుకోవలసి వస్తే, “తనిఖీ ముగిశాక లేదా తుది ప్రతులు అందిన 60 రోజులకు, ఏది ముందైతే అది” అని ఒక హద్దు పెట్టించుకోవాలి.

ప్రయాణ ఖర్చుల సంగతిలో అనుభవం ఉన్నవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. రైలు టికెట్టు, హోటల్ గది కంపెనీనే బుక్ చేయమంటారు. ఖర్చులు తను పెట్టుకుని ఫీజు బిల్లులోనే కలిపితే వాటి మీద కూడా టీడీఎస్ కోస్తారు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకైతే ఆ ఖర్చు కూడా సాధారణంగా పన్ను పడే విలువలో కలుస్తుంది. కంపెనీ బుక్ చేస్తే ఈ తలనొప్పేమీ ఉండదు.

ఇప్పుడు గడువు సంగతి. పీఓ వెనకవైపు సన్న అక్షరాల్లో “చెల్లింపు 60 రోజులకు” అని ఉంటుంది. ఏ రోజు నుంచి 60 అని అడిగేవాళ్లు తక్కువ. ఇన్‌వాయిస్ మీద వేసిన తేదీ నుంచా, అది అకౌంట్స్‌కు అందిన రోజు నుంచా, సిస్టమ్‌లో పోస్ట్ అయిన రోజు నుంచా? ఈ మూడు తేదీల మధ్య మూడు వారాల తేడా రావడం అరుదేమీ కాదు. దానికి తోడు చాలా కంపెనీలు నెలలో ఒకటి రెండు నిర్ణీత తేదీల్లోనే చెల్లింపులు విడుదల చేస్తాయి. పదో తేదీ విడతకు ఒక్క రోజు ఆలస్యమైన బిల్లు ఇరవై అయిదు దాకా ఆగుతుంది. కాబట్టి షరతును ఇలా రాయించుకోవాలి: “సరైన ఇన్‌వాయిస్ ఫలానా ఈమెయిల్‌కు అందిన రోజు నుంచి 30 రోజులు. ఇన్‌వాయిస్‌లో లోపముంటే 5 పని దినాల్లోగా తెలపాలి.” లోపముంటే త్వరగా చెప్పమన్న ఆ రెండో వాక్యం లేకపోతే, ముప్పయ్యో రోజున ఫోన్ చేసినప్పుడే “మీ బిల్లులో పీఓ నంబర్ లేదు మేడమ్, మళ్లీ పంపండి” అనే జవాబు వస్తుంది. గడువు మళ్లీ మొదటికొస్తుంది.

అరవై రోజులకు తగ్గేది లేదని కొనుగోళ్ల విభాగం అంటే, ఫ్రీలాన్సర్ దగ్గర ఉన్న ఆధారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు ఫీజు లేదు. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఒంటరిగా సేవలందించే కన్సల్టెంట్ కూడా సూక్ష్మ సంస్థ కిందికి వస్తారు. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించవలసిన సొమ్ము, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, ఆమోదం రోజు నుంచి 45 రోజులు దాటకూడదని ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. గడువు గురించి ఏ ఒప్పందమూ లేకపోతే 15 రోజులే. అంటే ఆవిడ జూన్ 10న నివేదిక పంపి, 15 రోజుల్లో అభ్యంతరమేమీ రాకపోతే, పీఓలో 60 అని ఉన్నా జూలై 25తో గడువు ముగుస్తుంది. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, కంపెనీ ఇవ్వాలి. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18 శాతం. 96,000 రెండు నెలలు ఆలస్యమైతే సుమారు 2,900 రూపాయలు.

వడ్డీ చిన్నదే. కంపెనీని కదిలించేది ఆదాయపు పన్ను. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటాక కూడా చెల్లించని సొమ్మును కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు. నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మార్చి 31 నాటికి పాత బిల్లు మిగిలి ఉంటే కంపెనీ పన్ను లెక్కలో అది కనబడుతుంది. అందుకే ఆడిటర్లు వెండర్లందరినీ ఉద్యమ్ వివరాలు అడిగి జాబితా వేయిస్తున్నారు. ఆ జాబితాలో మొదటి రోజే ఉండాలి. పని అయిపోయి వివాదం వచ్చాక చేయించుకున్న నమోదు, అంతకు ముందు చేసిన పనికి ఈ చట్టం రక్షణ తెచ్చిపెట్టదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కాబట్టి వెండర్ ఫారంతో పాటు పాన్, రద్దు చేసిన చెక్కు ఇచ్చేటప్పుడే ఉద్యమ్ సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి, ఇన్‌వాయిస్ మీద ఆ నంబరు వేయాలి.

ఇన్‌వాయిస్ విషయానికొస్తే, దాని అందం గురించి బెంగపడనక్కర్లేదు. పీఓలో ఏ మాటలున్నాయో అవే మాటలు ఇన్‌వాయిస్‌లో ఉండటం ముఖ్యం. పీఓలో “దశ 1: లోపాల నివేదిక” అని ఉంటే ఇన్‌వాయిస్‌లో “కన్సల్టెన్సీ ఫీజు” అని రాయకూడదు. “పీఓ నంబరు, దాని తేదీ, వరుస 1, దశ 1: లోపాల నివేదిక, జూన్ 10న ఈమెయిల్ ద్వారా అందజేశాము, 60,000” అని రాయాలి. పైన ఇరువురి పూర్తి పేర్లు, చిరునామాలు, కన్సల్టెంట్ పాన్. కింద బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ, చెల్లింపు గడువు, ఆ గడువు ఏ తేదీకి ముగుస్తుందో ఆ తేదీ. “30 రోజులు” అని వదిలేయకుండా “జూలై 11లోగా” అని రాస్తే చూసేవాళ్లు లెక్కపెట్టుకోనక్కర్లేదు. బ్యాంకు ఖాతా పేరు, పాన్ మీది పేరు, వెండర్ ఫారం మీది పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నా సరిచూసేటప్పుడు ఆగిపోవచ్చు. ఇన్‌వాయిస్ నంబరు ఆర్థిక సంవత్సరం పొడవునా వరుసగా సాగాలి, ఏదీ రెండుసార్లు రాకూడదు. జీఎస్‌టీ నిబంధన ప్రకారం 16 అక్షరాలు మించకూడదు. 2026-27/001 లాంటిది చాలు.

జీఎస్‌టీ అనగానే కొత్తవాళ్లు బెదిరిపోయి తొందరపడతారు. సేవలందించేవాళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, ఏడాది ఆదాయం మొత్తం 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పక్క రాష్ట్రం కంపెనీకి పని చేసినా ఈ పరిమితే వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి పరవాడకు బిల్లు వేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో పన్ను వసూలు చేయకూడదు. అలాంటప్పుడు పైన “ట్యాక్స్ ఇన్‌వాయిస్” అని రాయకుండా “ఇన్‌వాయిస్” అని మాత్రమే రాసి, జీఎస్‌టీ చట్టం కింద నమోదు కాలేదని కింద ఒక వాక్యం పెట్టాలి. కొన్ని కంపెనీలు జీఎస్‌టీ నంబరు లేని వెండర్‌ను తీసుకోము అంటాయి. అది వాళ్ల సొంత నియమం, చట్టం అడిగింది కాదు. సంతకం చేసిన డిక్లరేషన్ ఇస్తామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

రిజిస్ట్రేషన్ లేకపోయినా కొటేషన్‌లో “పన్నులు అదనం” అన్న రెండు మాటలు ఉండి తీరాలి. అన్నీ కలిపి మూడు లక్షలని ఒప్పుకున్నాక మధ్యలో ఆదాయం 20 లక్షలు దాటి రిజిస్ట్రేషన్ చేయించుకోవలసి వస్తే, 18 శాతం పన్ను ఆ మూడు లక్షల్లోంచే పోతుంది. మూడు లక్షలకే బిల్లు అయితే చేతికి మిగిలేది 2,54,237. పన్ను 45,763.

రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇంకో చోట జాగ్రత్త పడాలి. ఉదాహరణలోని కంపెనీకి ప్లాంటు పరవాడలో, రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉందనుకుందాం. అప్పుడు కంపెనీకి రెండు జీఎస్‌టీ నంబర్లు ఉంటాయి, 37తో మొదలయ్యేది ఆంధ్రప్రదేశ్‌ది, 36తో మొదలయ్యేది తెలంగాణది. పీఓ ప్లాంటు పేరు మీద ఉంటే హైదరాబాద్ కన్సల్టెంట్ 18 శాతం ఐజీఎస్‌టీ వేయాలి. హైదరాబాద్ ఆఫీసు పేరు మీద ఉంటే కేంద్ర, రాష్ట్ర జీఎస్‌టీ తొమ్మిదేసి శాతం. నంబరు తప్పుపడితే కంపెనీకి ఆ పన్ను తిరిగి జమ చేసుకునే వీలుండదు, బిల్లు వెనక్కొస్తుంది. ఆపైన, నెలనెలా రిటర్ను వేసేవాళ్లు జూన్ బిల్లు పన్నును జూలై 20లోగా కట్టాలి, కంపెనీ ఇంకా చెల్లించకపోయినా సరే. ముప్పయ్ రోజుల గడువుకూ అరవైకీ తేడా ఇక్కడే జేబుకు తగులుతుంది.

టీడీఎస్ కోత చూసి కంగారుపడే అవసరం లేదు. వృత్తిపరమైన ఫీజు ఏడాదికి 50,000 దాటితే కంపెనీ 10 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. అకౌంట్స్‌వాళ్లు ఇప్పటికీ దీన్ని 194జే అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి. సాంకేతిక సేవలుగా లెక్కిస్తే కోత 2 శాతమే, కాబట్టి ఏ కింద కోస్తారో ముందే అడగాలి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. 60,000 బిల్లుకు 6,000 కోసి 54,000 జమ చేస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టు. జీఎస్‌టీ కలిపి 70,800 బిల్లయితే, పన్నును విడిగా చూపించినప్పుడు కోత 60,000 మీదే పడాలి, 64,800 రావాలి. 63,720 వచ్చిందంటే జీఎస్‌టీ మీద కూడా కోశారన్నమాట. కోసింది పోదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఆగిపోతుంది.

ఒప్పందంలో మిగిలిన పేజీల్లో ఒక్క అంశం మీద మాత్రం గట్టిగా నిలబడాలి. ఉద్యోగి రాసినదాని మీద హక్కు కంపెనీది. బయటి కన్సల్టెంట్ రాసిన పత్రం మీద కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాళ్లదేనని 1957 కాపీరైటు చట్టం అంటుంది. బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. కంపెనీ ముద్రించి పంపే ఒప్పందంలో, పత్రం పుట్టిన క్షణం నుంచే హక్కులన్నీ తమవని ఉంటుంది. “సంబంధిత దశ సొమ్ము పూర్తిగా చెల్లించినప్పుడు హక్కు బదిలీ అవుతుంది” అని మార్చమని అడగాలి. కంపెనీకి నష్టం లేని మార్పు ఇది, అడిగితే సాధారణంగా ఇస్తారు. నష్టపరిహారం గురించిన క్లాజులో కన్సల్టెంట్ బాధ్యత మొత్తం ఫీజుకు మించకూడదన్న హద్దు కూడా అడగవచ్చు.

బిల్లు పంపాక రెండో మూడో రోజున అకౌంట్స్‌కు ఒక్క ప్రశ్న పంపాలి: “పోస్ట్ అయిందాండీ? చెల్లింపు తేదీ ఏదని చూపిస్తోంది?” సొమ్ము ఎప్పుడు వేస్తారని అడగడం కంటే ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే పోస్ట్ కాని బిల్లుకు చెల్లింపు తేదీ ఉండదు. అడిగినవాళ్లకు జవాబు దొరకకపోతే ఎక్కడో చిక్కుందని అర్థం. అప్పుడు క్వాలిటీ హెడ్‌కు ఫోన్ చేసి “మీ వైపు ఎంట్రీ పడిందేమో చూడండి సార్” అనడం సరైన దారి. గడువు దాటాక కూడా జవాబు రాకపోతే, తేదీలన్నీ పెట్టి 45 రోజుల నిబంధనను ప్రస్తావిస్తూ ఒక మర్యాదైన మెయిల్ అకౌంట్స్ హెడ్‌కు వెళ్లాలి. అక్కడా కదలిక లేకపోతే ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కౌన్సిల్ ముందు రాజీ ప్రయత్నం చేస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది. దానికి నెలలు పట్టవచ్చు. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి మరో పని రావడం కష్టమేనని తెలిసి వేయవలసిన అడుగు అది.

సొమ్ము జమ అయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. జూన్‌లో పోస్ట్ అయిన బిల్లు మీద కోసిన టీడీఎస్ వివరాలను కంపెనీ జూలై 31లోగా తన రిటర్నులో చూపించాలి. ఆగస్టు మొదటి వారంలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో తన ఖాతా తెరిచి చూస్తే ఆ 6,000 కనబడాలి. కనబడకపోతే వాళ్లు పాన్ తప్పు వేశారనో, ఇంకా రిటర్ను వేయలేదనో అర్థం. అప్పుడు బిల్లు నంబరు, జమ అయిన తేదీ, కోసిన మొత్తం రాసి అకౌంట్స్‌కు మెయిల్ పెట్టి, రిటర్ను సవరించమని, టీడీఎస్ సర్టిఫికెట్టు పంపమని అడగాలి.